గడప దాటిన సరుకు, గడప దగ్గరే ఆగిన పాలసీ

ప్రశ్న: సైదాబాద్‌లో మాది కిరాణా దుకాణం. ఉగాది నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఇళ్లకు సరుకులు పంపిస్తున్నాం. అందుకోసం ఇద్దరు అబ్బాయిలను పెట్టుకున్నాం. ఒకతను సొంత బైకు మీద తిరుగుతాడు, ఇంకొకతనికి మా ఎలక్ట్రిక్ స్కూటరు ఇచ్చాం. షాపుకి ప్యాకేజీ పాలసీ ఉంది, నవంబరు దాకా. ఏజెంటును అడిగితే "రెన్యువల్‌లో రాయిద్దాం లేమ్మా" అంటున్నాడు. కంపెనీకి ఇప్పుడే చెప్పాలా? చెబితే ప్రీమియం పెంచుతారని, అసలు పాలసీయే ఆపేస్తారని మా ఆయన భయం. చెప్పాలంటే ఏమని రాయాలి?

జవాబు: ఇప్పుడే చెప్పండమ్మా, కాగితం మీద చెప్పండి. ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచిలో పాలసీలు రాసే బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని. "రెన్యువల్‌లో చూద్దాం" అన్న మాట ఎన్ని క్లెయిములను ముంచిందో దగ్గరుండి చూశాను.

ముందు మీ ఆయన భయం సంగతి. ఇళ్లకు సరుకులు పంపినంత మాత్రాన షాపు పాలసీ రద్దయిపోదు. ఫైర్ కవరు షరతుల్లో మామూలుగా ఉండేది ఏమిటంటే, వ్యాపారం మారినా, ఆ చోటును వాడే తీరు మారినా, దానివల్ల ప్రమాదం జరిగే అవకాశం పెరిగితే, కంపెనీ ఒప్పుకుని, ఆ మార్పును రాసి పాలసీకి జతచేసే ఎండార్స్‌మెంట్ అనే కాగితం ఇచ్చేదాకా ఆ మేరకు కవరు నిలవదని. మీది నిన్నా కిరాణాయే, ఇవాళా కిరాణాయే. రేపు దుకాణం కాలితే "మీరు డెలివరీ చేస్తున్నారు కదా" అని ఆ ఒక్క ముక్క పట్టుకుని డబ్బు ఎగ్గొట్టడం కంపెనీకి అంత తేలిక కాదు. ఇద్దరు అబ్బాయిలు, రెండు బండ్లు ఉన్న చిన్న షాపు ఉత్తరం రాసిందని పాలసీ ఆపేసిన కేసు నేను చూడలేదు. కొంచెం అదనపు ప్రీమియం కట్టమంటారు, లేదంటే ఏమీ అడగకుండానే రాసిచ్చేస్తారు.

భయపడాల్సింది వేరే ఉంది. బీరువాలోంచి పాలసీ తీసి షెడ్యూలు పేజీ చూడండి. వ్యాపారం అన్న చోట "కిరాణా, రిటైల్" అని ఉంటుంది. దాని కింద సైదాబాద్ చిరునామా. ఆ కింద సెక్షన్ల పట్టిక: ఫైరు, దొంగతనం, నగదు, అద్దాలు, పనివాళ్లు, మీవల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి పబ్లిక్ లయబిలిటీ, ఇలా. కొన్నిటి ఎదురుగా మొత్తం ఉంటుంది, కొన్నిటి ఎదురుగా గీత. గీత ఉన్నది మీరు తీసుకోలేదని అర్థం. మొత్తం ఉన్నవాటిలో కూడా చాలా భాగం ఆ చిరునామా లోపల జరిగే నష్టానికే. షాపు పాలసీని మనవాళ్లు గడప దాకా గీసిన ముగ్గులా రాశారు. మీ సరుకు, మీ డబ్బు, మీ మనుషులు ఉగాది నుంచి రోజూ ఆ గడప దాటుతున్నారు. కాబట్టి ఉత్తరంలో "డెలివరీ మొదలుపెట్టాం" అని ఒక వాక్యం రాసి పంపితే పని కాదు. వాళ్లు "నోట్ చేసుకున్నాం" అని ఒక వాక్యం రాసి పంపుతారు. నోట్ చేసుకోవడం కవరు ఇవ్వడం కాదు. ఏ సెక్షన్‌లో ఏం మార్చమంటున్నారో పేరు పెట్టి అడగాలి.

అన్నిటికన్నా పెద్దది మనుషుల సంగతి. మీ అబ్బాయి ఆర్డరు ఇవ్వడానికి పోతూ చంపాపేట రోడ్డు మీద పడి కాలు పోగొట్టుకున్నా, ప్రాణమే పోయినా, పని మీద పంపింది మీరు కాబట్టి పరిహారం మీ మీదికొస్తుంది. ఆ లెక్క చట్టంలోనే ఉంది. మరణానికైతే నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చవేస్తారు. 22 ఏళ్ల కుర్రాడు, నెలకు 14,000 జీతం అనుకుందాం. సగం 7,000. 22 ఏళ్లకు గుణకం 221.37. హెచ్చవేస్తే 15,49,590 రూపాయలు. కిరాణా కొట్టు ఎన్నేళ్లు నడిపితే ఈ డబ్బు మిగులుతుందో మీకు నాకంటే బాగా తెలుసు.

మీ పాలసీలో పనివాళ్ల సెక్షన్ ఉంటే, అది రాయించిన రోజున ఎంతమందిని, ఏ పనికి, ఎంత జీతానికి చూపించారో చూడండి. కౌంటర్లో పొట్లాలు కట్టే ఒకరినే చూపించి ఉంటారు. అలాంటప్పుడు రోడ్డు మీద తిరిగే ఇద్దరు ఆ లెక్కలోకి రారు. వాళ్లను "బైకు మీద ఇళ్లకు సరుకులు చేరవేసేవారు" అని ఆ మాటలతోనే చేర్చమనండి. "హెల్పర్లు" అని రాయనివ్వొద్దు. హెల్పరు అంటే మూటలు దించేవాడని రేపు వాదిస్తారు. ఈ సెక్షన్‌కి ప్రీమియం మొత్తం జీతాల మీద వేస్తారు. ఇద్దరికీ 14,000 చొప్పున, పాలసీకి ఇంకా 5 నెలలు ఉన్నాయనుకుంటే, చూపించాల్సిన జీతం 1,40,000. ట్రిప్పుకింత అని ఇస్తుంటే ఆ సంగతి కూడా దాచకుండా రాసి, నెలకు సగటున ఎంత పడుతోందో చెప్పండి. ప్రీమియం తగ్గుతుందని జీతం తక్కువ చూపించే అలవాటు మన దగ్గర ఉంది. పరిహారం మాత్రం అసలు జీతం మీదే కట్టాలి, మధ్యలో తేడా మీ చేతి నుంచి పోతుంది. సెక్షన్ ఎదురుగా గీత ఉంటే ఎండార్స్‌మెంట్‌తో చేర్చమని అడగండి. మధ్యలో కొత్త సెక్షన్ చేర్చలేమంటే, పనివాళ్ల పరిహారానికి విడిగా పాలసీ ఇస్తారు, అదే తీసుకోండి. మీ ఉత్తరంలో ఒక్కటే అడగగలిగితే, నేనైతే ఇదొక్కటే అడుగుతాను.

ఇక నగదు. ఈ సెక్షన్ సాధారణంగా మూడు ముక్కలుగా ఉంటుంది: గల్లాపెట్టెలో ఉన్నది, రాత్రి సేఫులో ఉన్నది, దారిలో ఉన్నది. దారి అంటే చాలా పాలసీల్లో దుకాణానికీ బ్యాంకుకీ మధ్య దారి. అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో వసూలు చేసి జేబులో పెట్టుకున్న డబ్బు ఆ దారిలో లేదు. అందుకని "వినియోగదారుల ఇళ్ల నుంచి దుకాణానికి, అధికారం ఇచ్చిన ఉద్యోగి తెస్తున్న వసూళ్లు కూడా" అన్న మాట చేర్చమని అడగాలి. ఒక్కో మనిషి దగ్గర ఒక్కసారికి ఎంత ఉంటుందో పరిమితి చెప్పాలి. ఇప్పుడు అందరూ యూపీఐ కొడుతున్నారు కాబట్టి మీకు ఒక ట్రిప్పులో నాలుగైదు వేలకు మించి నగదు రాకపోవచ్చు. 10,000 అని అడిగితే సరిపోతుంది.

ఇక్కడ ఒక కేసు చెబుతాను, నా బల్ల మీదికే వచ్చింది. ఊరు, పేరు వద్దు. ఒక అబ్బాయి రెండు ఆర్డర్లు పట్టుకుని అపార్ట్‌మెంటుకి వెళ్లాడు. మొదటి సంచి పైకి మోసుకెళ్తూ, రెండో సంచిని, వసూళ్ల పర్సును బండి డిక్కీలో పెట్టాడు. దిగి వచ్చేసరికి డిక్కీ తెరిచి ఉంది. ఓనరు క్లెయిము పెట్టాడు. సరుకు దొంగతనం సెక్షన్‌లోకి రాలేదు, ఎందుకంటే అది దుకాణం లోపల, తాళాలు పగలగొట్టి జరిగే దొంగతనానికి. నగదు సెక్షన్‌లో ఇళ్ల నుంచి తెచ్చే వసూళ్ల మాటే లేదు. ఆ మాట ఉన్నా లాభం ఉండేది కాదు, మనిషి దగ్గర లేని బండిలో వదిలేసిన డబ్బుకు కవరు ఉండదని మినహాయింపుల్లో రాసి ఉంది. ఓనరు ఒక్కటే అన్నాడు: "ఏజెంటుకు మూడు నెలల కిందే ఫోన్‌లో చెప్పాను సార్." ఏజెంటు కూడా చెప్పాడని ఒప్పుకున్నాడు. ఫైలులో మాత్రం ఒక్క కాగితమూ లేదు.

కాబట్టి ఎండార్స్‌మెంట్ వచ్చినా సరే, డబ్బు ఒంటి మీద సంచిలోనే ఉండాలని అబ్బాయిలకు చెప్పండి, డిక్కీలో కాదు.

నగదు పక్కనే ఇంకో దారి ఉంది, అది ఈ సెక్షన్‌లో పట్టదు. డెలివరీ అబ్బాయి ఇంటివాళ్లకు షాపు క్యూఆర్ బదులు తన ఫోన్‌లోని సొంత క్యూఆర్ చూపిస్తాడు. డబ్బు వాడి ఖాతాకు పోతుంది, వారానికి ఒకటో రెండో అయితే మీకు తెలియను కూడా తెలియదు. ఇది దొంగతనం కాదు, ఉద్యోగి నమ్మకద్రోహం. దానికి ఫిడెలిటీ గ్యారంటీ అని వేరే సెక్షన్ ఉంది. అందులో పేర్లుగానీ పోస్టులుగానీ రాయించాలి. ఇద్దరి కోసం తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే ఆ సెక్షన్‌కు డబ్బు పెట్టే బదులు షాపు క్యూఆర్‌ను లామినేట్ చేయించి అబ్బాయిల మెడలో వేలాడదీస్తాను, ప్రతి ఆర్డరూ డబ్బు పడ్డాకే మూసేస్తాను.

సరుకుకు దారిలో కవరు ఇమ్మని అడగక్కర్లేదు. ఒక్క బండి మీద పోయేది రెండు మూడు వేల సరుకు. ప్రతి నష్టంలో మొదటి కొంత మీరే భరించాలని ఎక్సెస్ ఉంటుంది, మీ సరుకు చాలావరకు అందులోనే పోతుంది. నూనె డబ్బా పగిలిందని క్లెయిము పెట్టుకుని తిరగడం కన్నా ఇంకో డబ్బా పంపడం తేలిక.

బండ్ల సంగతి షాపు పాలసీ పరిధిలోది కాదు, అయినా వదిలేయకూడదు. ఆ అబ్బాయి సొంత బైకు పాలసీ తెమ్మని, "వాడకం పరిమితులు" అన్న పేరా చదవండి. ప్రైవేటు టూవీలరు పాలసీలో అద్దెకు తిప్పడం, శాంపిళ్లూ సొంత లగేజీ తప్ప వేరే సరుకులు మోయడం, పందేలు లాంటివి మినహాయించి మిగతా వాడకానికే కవరు అని ఉంటుంది. పాతిక కిలోల బియ్యం బస్తా సొంత లగేజీ అని ఎవరూ ఒప్పుకోరు. బండి దెబ్బతింటే క్లెయిము ఆగేది ఇక్కడే. దారిలో ఎవరికైనా దెబ్బ తగిలి కేసు పడితే కంపెనీ వాదన మొదలయ్యేదీ ఇక్కడే, అప్పుడు బండి ఓనరుతో పాటు పని ఇచ్చిన మిమ్మల్ని కూడా కోర్టుకు లాగుతారు. ఆ బండి పాలసీ ఇచ్చిన కంపెనీకి ఆ అబ్బాయి చేత విడిగా ఉత్తరం రాయించండి, వాడకం మారిందని, దానికి తగ్గట్టు మార్చమని. ఆ ఖర్చు మీరు పెట్టుకోవడం న్యాయం. లైసెన్సు, థర్డ్ పార్టీ పాలసీ తేదీలు మీ నోట్‌బుక్కులో రాసి ఉంచండి. ఇద్దరి పత్రాల జిరాక్సులు కూడా దగ్గర పెట్టుకోండి.

మీ ఎలక్ట్రిక్ స్కూటరుకు నంబరు ప్లేటు ఉందా? ఉంటే అది మామూలు బండిలాంటిదే, పై మాటలన్నీ దానికీ వర్తిస్తాయి. 25 కిలోమీటర్ల వేగం దాటని, 250 వాట్ల మోటారుకు మించని రకమైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అందుకే చాలామంది ఇన్సూరెన్స్ కూడా చేయించరు. అలాంటి బండి ఒక ముసలాయనను గుద్దితే వెనకాల కంపెనీ ఎవరూ ఉండరు. మీ పాలసీలో పబ్లిక్ లయబిలిటీ సెక్షన్ ఉంటే, అందులో వాహనాల మినహాయింపు ఏ మాటల్లో ఉందో చదివి, ఈ స్కూటరుకు కవరు వస్తుందో రాదో ఉత్తరంలోనే సూటిగా అడగండి.

ఆ స్కూటరు వల్లే ఫైర్ సెక్షన్‌కు కూడా ఒక మాట రాయాలి. ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు? చాలా దుకాణాల్లో నేను చూసేది ఇదే: రాత్రి షట్టరు దించాక వెనక గదిలో, నూనె డబ్బాల పక్కన, కర్పూరం, అగ్గిపెట్టెల అట్టపెట్టెలు పేర్చిన చోట, ఫ్రిజ్‌కు కూడా వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు బ్యాటరీ తగిలించి ఇంటికి పోతారు. మొదట్లో చెప్పిన షరతు, చోటును వాడే తీరు మారి ప్రమాదం పెరగడం, నిజంగా వర్తించేది ఇలాంటి దానికి. డెలివరీ కోసం పక్క గది అద్దెకు తీసుకుని సరుకు పెట్టి ఉంటే అది కూడా. ఆ గది చిరునామా షెడ్యూలులో లేకపోతే అందులోని సరుకు కాలినా పైసా రాదు.

ఇప్పుడు తేదీల గొడవ, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన ఇన్సూరెన్స్ చట్టం 1938లో 64వీబీ అని ఒక సెక్షన్ ఉంది. ప్రీమియం ముందుగా చేతికి అందకుండా కంపెనీ రిస్కు మోయకూడదని దాని సారాంశం. ఎండార్స్‌మెంట్‌కు అదనపు ప్రీమియం ఉంటే అదే లెక్క. మీరు 5వ తేదీన ఉత్తరం ఇచ్చారు, వాళ్లు 9న ఇంత కట్టమన్నారు, మీరు 14న కట్టారు. కొత్త కవరు 14 నుంచి. 11న అబ్బాయి పడితే అది పాత పాలసీ లెక్కే. ఉత్తరం ఇచ్చేశాం కదా అని కూర్చోవద్దు, మొత్తం చెప్పిన రోజే ఆన్‌లైన్‌లో కట్టేసి రసీదు పంపండి. ఉగాది నుంచి కవరు వెనక్కి ఇమ్మని అడగొద్దు, ఇవ్వరు. కానీ ఉత్తరంలో మొదలుపెట్టిన తేదీ మాత్రం అసలుదే రాయండి. "రేపటి నుంచి మొదలుపెడుతున్నాం" అని రాస్తే బాగుంటుందని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి. మీ వాట్సాప్ ఆర్డర్లు, యూపీఐ వసూళ్లు ఉగాది నుంచి తేదీలతో సహా ఉన్నాయి. క్లెయిము వచ్చిన రోజు నష్టం లెక్కకట్టడానికి వచ్చే సర్వేయరు అడిగేవి అవే.

ఉత్తరం ఇలా రాయండి. ఇంగ్లీషులో టైపు చేయించినా విషయం ఇదే ఉండాలి:

"బ్రాంచి మేనేజరు గారికి. విషయం: పాలసీ నంబరు ఫలానా, వ్యాపారంలో మార్పు తెలియజేయడం, ఎండార్స్‌మెంట్ కోరడం.

పై పాలసీ కింద ఉన్న మా కిరాణా దుకాణం ఈ సంవత్సరం ఫలానా తేదీ నుంచి కౌంటరు అమ్మకాలతో పాటు, దుకాణానికి సుమారు 4 కిలోమీటర్ల లోపు ఇళ్లకు సరుకులు చేరవేస్తోంది. ఇందుకు ఇద్దరు ఉద్యోగులు ఉన్నారు, పేర్లు, వయసులు, నెల జీతాలు జతచేశాం. ఒకరు సొంత పెట్రోలు బైకు, ఒకరు దుకాణం ఎలక్ట్రిక్ స్కూటరు వాడతారు. రోజుకు సగటున 30 ఆర్డర్లు. నగదు వసూళ్లు ఒక్కొక్కరి దగ్గర ఒకసారికి 10,000 రూపాయలు దాటవు. స్కూటరు బ్యాటరీ ఫలానా చోట ఛార్జ్ చేస్తాం. సరుకు నిల్వ చేసే చోట్లు ఇవి.

దయచేసి ఈ మార్పులకు ఎండార్స్‌మెంట్ ఇవ్వగలరు. 1. వ్యాపార వివరణను 'కిరాణా రిటైల్, ఇళ్లకు సరుకుల చేరవేతతో సహా' అని మార్చడం. 2. పనివాళ్ల సెక్షన్‌లో పై ఇద్దరినీ బైకు డెలివరీ ఉద్యోగులుగా చేర్చడం. 3. నగదు సెక్షన్‌లో వినియోగదారుల ఇళ్ల నుంచి దుకాణానికి తెచ్చే వసూళ్లను చేర్చడం. 4. పై ఛార్జింగ్ ఏర్పాటు, నిల్వ చోట్లు ఫైర్ సెక్షన్‌కు సమ్మతమేనని ధ్రువీకరించడం. 5. పబ్లిక్ లయబిలిటీ సెక్షన్ డెలివరీ సమయంలో ఎంతవరకు వర్తిస్తుందో తెలపడం.

అదనపు ప్రీమియం ఉంటే సెక్షన్ల వారీగా తెలియజేస్తే వెంటనే చెల్లిస్తాం. వీటిలో దేనినైనా అంగీకరించలేకపోతే కారణంతో రాతపూర్వకంగా తెలపగలరు."

ఆర్డర్ల సంఖ్య, దూరం మీవి వేసుకోండి, నావి ఊరికే వేసినవి. ఛార్జింగ్ చోటు రాసే ముందు దాన్ని మార్చండి, నూనె డబ్బాల పక్కన అని రాయలేరు కదా. చివరి వాక్యం మాత్రం తీసేయొద్దు. కంపెనీ "కాదు" అని రాసిచ్చినా మీకు లాభమే, ఆ ముక్కకు వేరే పాలసీ వెతుక్కోవచ్చు. మౌనంగా ఉంటేనే ఇబ్బంది.

ఉత్తరాన్ని పాలసీ మీద ఉన్న బ్రాంచి ఈమెయిలుకు పంపి, ఏజెంటుకు కాపీ పెట్టండి. ఇంకో కాపీ చేత్తో ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకోండి. ఏజెంటును పక్కన పెట్టమని నేను అనను. పాపం, బ్రాంచిలో కాగితం కదిలించేది చాలాసార్లు అతనే. ఉత్తరం మీ పేరు మీద వెళ్లాలి, అంతే.

వారం పది రోజుల్లో కాగితం వస్తుంది. దాన్ని పాలసీకి పిన్ను కొట్టే ముందు చదవండి. ఎండార్స్‌మెంట్‌కు సొంత నంబరు, మొదలయ్యే తేదీ ఉండాలి. పాలసీ నంబరు మీదేనా, వ్యాపార వివరణలో డెలివరీ మాట పడిందా, ఇద్దరి పేర్లు లేదా సంఖ్య ఉందా, నగదు పరిమితి మీరు అడిగినదేనా చూడండి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువగా దొర్లేది ఒకటే: అడిగినవన్నీ ఉత్తరంలో ఉంటాయి, ఎండార్స్‌మెంట్‌లో మాత్రం "వ్యాపార వివరణ మార్చబడినది, మిగతా షరతులు యథాతథం" అని ఒక్క లైను. అంటే మొదటిది ఇచ్చారు, మిగతా నాలుగూ ఇవ్వలేదు. అప్పుడు మళ్లీ రాయాలి, ఏవేవి మిగిలాయో నంబర్లతో సహా. ప్రీమియం కట్టినదానికి జీఎస్టీతో రసీదు విడిగా తీసుకోండి, మొత్తం ఏ సెక్షన్‌కు ఎంతో అందులో తేలుతుంది.

జవాబే రాకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి bimabharosa.irdai.gov.in లో గానీ 155255 నంబరుకు గానీ. రేపు క్లెయిము దగ్గర గొడవ వచ్చి కంపెనీ నెలలోపు తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆఫీసు మన లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లోనే, ఫీజు ఉండదు. మీలాంటి సొంత యాజమాన్యపు చిన్న దుకాణాల ఫిర్యాదులు కూడా అక్కడ తీసుకుంటారు. నవంబరులో రెన్యువల్ చేసేటప్పుడు ప్రపోజల్లో ఈ డెలివరీ వివరాలన్నీ మళ్లీ రాయించండి, పాత ఎండార్స్‌మెంట్ కొత్త పాలసీలోకి తనంతట తాను నడిచి రాదు.

కాగితం చేతికొచ్చే దాకా ఈ పనులు చేయండి. ఇళ్ల దగ్గర నగదు తీసుకోవడం ఆపి యూపీఐ ఒక్కటే పెట్టండి. స్కూటరు బ్యాటరీని పగటిపూట, మీ కళ్ల ముందు, కౌంటరు పక్కన విడి సాకెట్‌కు తగిలించి, షట్టరు దించే ముందు తీసేయండి. సొంత బైకు అబ్బాయి చేత హెల్మెట్ పెట్టించండి, బస్తాలు మాత్రం అతనికి ఇవ్వకుండా ఆటోలో పంపండి.